నీలం గడి, పసుపు గడి, గంటమ్మ

మా బడిలో పొద్దున తలుపులు తీసేది, గంట కొట్టేది, హెడ్‌మాస్టారికి మంచినీళ్ళు అందించేది, సాయంత్రం నల్లబల్లలన్నీ తుడిచేది ఒక్క మనిషే. హాజరుపట్టీలో ఆమెకు మంచి పేరే ఉంది గానీ అందరికీ ఆమె గంటమ్మ. పిల్లలు వెక్కిరింతకని పెట్టిన పేరది. పిలిచిన మొదటిరోజే ఆమె ‘ఏం నాయనా’ అని పలికేసరికి వెక్కిరింత అక్కడే ఆరిపోయి పేరు మాత్రం మిగిలింది.

నేను అదే బడిలో తెలుగు టీచర్ని. నాకూ ఒక పేరు పెట్టారు, రంగుల టీచరని. అది వెక్కిరింత కాదని చాలాకాలం నమ్మాను.

వాక్యాలలో రకాలు చెప్పడానికి నేనొక పద్ధతి కనిపెట్టుకున్నాను. సొంతంగా నిలబడగలిగే భాగం చుట్టూ నీలం సుద్దతో గడి. ఇంకో భాగాన్ని ఆనుకుంటే తప్ప నిలబడలేని భాగం చుట్టూ పసుపు గడి, దాన్ని అరమెట్టు కిందికి దించి, అది ఏ నీలం గడిని ఆనుకుందో చూపిస్తూ ఒక బాణం. సమానమైన రెండు భాగాలను కలిపే మాట చుట్టూ ఎర్ర సున్న. ‘గంట మోగింది’ అంటే ఒకే నీలం గడి, సామాన్య వాక్యం. ‘గంట మోగింది, కానీ పిల్లలు కదల్లేదు’ అంటే పక్కపక్కన ఒకే ఎత్తులో రెండు నీలం గడులు, మధ్యలో ‘కానీ’ మీద ఎర్ర సున్న, సంయుక్త వాక్యం. ‘గంట మోగగానే పిల్లలు పరుగెత్తారు’ అంటే కింద పసుపు, పైన నీలం, మధ్య బాణం, సంక్లిష్టం. ఈ రెండూ కలిసి ‘గంట మోగగానే పిల్లలు పరుగెత్తారు, కానీ టీచర్ కదల్లేదు’ అయితే రెండు నీలాలు, ఒక ఎరుపు, ఒక పసుపు, బాణంతో సహా. దాన్ని సంయుక్త సంక్లిష్టం అంటాను. చాలా వ్యాకరణాలు మూడు రకాల దగ్గరే ఆగిపోతాయి. నేను ఆగను. నాకు ఆగే అలవాటు లేదని మా ఆయన కూడా అంటుంటారు.

పద్నాలుగేళ్ళు ఇలాగే చెప్పాను. డ్రాయింగ్ మాస్టారికి వచ్చిన రంగు సుద్దల్లో సగం నా క్లాసులోనే అరిగిపోయేవి. ఆయన చెట్టు గీస్తే ఆకులు తెల్లగా ఉండేవి. అడిగితే చలికాలం అనేవారు. పై అధికారులు తనిఖీకి వస్తే హెడ్‌మాస్టారు వాళ్ళను నేరుగా నా క్లాసుకే తీసుకొచ్చేవారు. నేను వాక్యం రాసి, గడులు గీసి, రంగులు వేసి, ‘ఇది ఏ వాక్యం?’ అని అడిగేదాన్ని. నలభై ఆరు గొంతులు ఒక్కసారి జవాబు చెప్పేవి. అధికారులు తలలూపేవారు. నేను ఏమీ ఎరగనట్టు చీర కొంగుకు అంటిన సుద్దపొడి దులుపుకునేదాన్ని.

గంటమ్మకు నలభై నాలుగేళ్ళు. మా ఆఫీసులో రికార్డు గుమాస్తా ఖాళీ ఉంది. అటెండర్లకు ఆ పోస్టు ఇస్తారు, కానీ పదో తరగతి పాసై ఉండాలి, వయసు నలభై ఐదు నిండకూడదు. ఆమె ఎనిమిదితో చదువు ఆపేసిన మనిషి. ప్రైవేటుగా పరీక్షలు కట్టింది. లెక్కలు మొదటిసారే పాసైంది. సైన్సు, సోషల్, ఇంగ్లీషు రెండో ఏటికి అయిపోయాయి. మిగిలింది తెలుగు. ముప్పై ఐదు వస్తే పాసు. ఆమెకు ముప్పై ఒకటి, ముప్పై మూడు, ఇరవై తొమ్మిది, ముప్పై రెండు వచ్చాయి. నాలుగుసార్లు. ఇక మిగిలింది ఒక్క సారి.

“మాతృభాషలో తప్పడమేంటే?” అని వాళ్ళాయన అడిగాడట. ఆయన లారీల ఇంజన్లు విప్పి బిగించే మెకానిక్. మంచివాడే గానీ నోటికి బిగింపు లేదు. డిగ్రీ చదివే కూతురు మాత్రం, “అమ్మా, ఈసారి కూడా పోతే ఇంట్లో తెలుగు మాట్లాడటం మానేద్దాంలే” అందట. ఇవన్నీ గంటమ్మే నవ్వుతూ చెప్పేది. నవ్వు అయ్యాక బల్ల మరీ గట్టిగా తుడిచేది.

ఆ ఏడు నేను పూనుకున్నాను. నిజం చెప్పాలంటే జాలితో కాదు, పౌరుషంతో. గంట కొట్టే వేళ కోసం చూస్తూ నా క్లాసు గుమ్మంలో నిలబడి ఇన్నేళ్ళు పాఠం విన్న మనిషి తెలుగులో తప్పడం నాకే చిన్నతనంగా తోచింది. సాయంత్రం బడి వదిలాక ఒక గంట, మొదటి బెంచీలో ఆమె, బల్ల దగ్గర నేను. గడులు గీసేదాన్ని, రంగులు వేసేదాన్ని, అడిగేదాన్ని. ఒక్కటంటే ఒక్కటి తప్పు చెప్పలేదు. నేను మూడో గీత గీస్తుండగానే జవాబు వచ్చేసేది.

“నీకు వ్యాకరణం ఇంత బాగా వచ్చు కదా, మార్కులెక్కడ పోతున్నాయే?” అన్నాను.

“వ్యాకరణంలోనే టీచర్. ఇరవైకి రెండో మూడో వస్తాయి” అంది.

ఆ మాట నా చెవిన పడింది గానీ తలకెక్కలేదు. కంగారు వల్ల అయి ఉంటుందని సొంతంగా తీర్పు చెప్పేసుకున్నాను.

పరీక్షకు నెల ముందు పాత ప్రశ్నపత్రం ఒకటి ఆమె చేతికిచ్చి కూర్చోబెట్టాను. నల్ల అచ్చు, పక్కన ఆమె నీలం పెన్ను. పది వాక్యాలు ఇచ్చి ఏది ఏ రకమో రాయమన్నారు. గంటమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఒకసారి వెలుతురు వైపు తిప్పి కూడా చూసింది. గంటయ్యాక దిద్దితే పదికి ఒకటి.

నాకు ఒళ్ళు మండిపోయింది. “నిన్న ఇదే వాక్యం బల్ల మీద రాస్తే చటుక్కున చెప్పావు! నాతో ఆటలాడుతున్నావా?”

“బల్ల మీద రంగు ఉంటుంది టీచర్” అంది ఆమె మామూలుగా. “ఒక్క నీలం ఉంటే సామాన్యం. రెండు నీలాలుంటే సంయుక్తం. పసుపు కనపడిందా, సంక్లిష్టం. అన్నీ ఉంటే పెద్దది. దీంట్లో రంగు లేదుగా. రంగు లేకపోతే నాకేం తెలుస్తుంది?”

“మరి వాక్యం చదవవా?”

“మీరెప్పుడూ చదవమనలేదుగా టీచర్. ఏ రకమో చెప్పమన్నారు.”

నేను ఆ ప్రశ్నపత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. తెల్లారి క్లాసుకు వెళ్ళి రంగు సుద్దల డబ్బా ముట్టుకోకుండా, తెల్లసుద్దతో ఐదు వాక్యాలు రాశాను. గడులు లేవు, బాణాలు లేవు. కాగితాల మీద జవాబులు రాయమన్నాను. ఆ ఐదింటిలో ఒకటి ‘మా పక్కింటి పొడుగాటి పెద్దాయన నిన్న పొద్దున చాలా నెమ్మదిగా బజారుకు వెళ్ళాడు’. ఎంత పొడుగున్నా ఒకే పని, ఒకే క్రియ, సామాన్య వాక్యం. నలభై ఆరుగురిలో ముప్పై మంది దాన్ని సంయుక్త సంక్లిష్టం అన్నారు, పొడుగ్గా ఉంది కాబట్టి. ఐదూ ఒప్పు రాసినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకడు, పక్కవాడిది చూసి రాశానని వాడే ఒప్పుకున్నాడు.

పద్నాలుగేళ్ళు నేను ముందే రంగులు వేసి తర్వాత ప్రశ్న అడిగాను. అంటే జవాబు రాసిపెట్టి ప్రశ్న అడిగాను. పిల్లలు వాక్యాలు నేర్చుకోలేదు, గడులు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. గుమ్మంలో నిలబడి విన్న గంటమ్మ కూడా అదే నేర్చుకుంది. అదే నమ్ముకుని నాలుగుసార్లు పరీక్షకు వెళ్ళింది. అక్కడ రంగులు ఉండవు. ఆమెను నాలుగుసార్లు తప్పించింది నేను. అది తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. తలనొప్పి అని ఇంట్లో అబద్ధం చెప్పాను.

ఆ సాయంత్రం గంటమ్మ డస్టరు పట్టుకుని వచ్చేసరికి నేను కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నాను. బల్ల మీద చివరి వాక్యం అలాగే ఉంది: ‘వాన తగ్గాక పిల్లలు వెళ్ళారు, కానీ టీచర్ వెళ్ళలేదు.’ ఆమె కుడివైపు నుంచి తుడవడం మొదలుపెట్టింది. ‘కానీ టీచర్ వెళ్ళలేదు’ పోయింది. ‘పిల్లలు వెళ్ళారు’ పోయింది. ‘వాన తగ్గాక’ దగ్గర చెయ్యి ఆపేసింది.

“ఏమైంది?” అన్నాను.

“ఏం లేదు టీచర్. ఇలాంటివి మిగిలినప్పుడు నా చెయ్యి ఆగిపోతుంది. వాన తగ్గాక ఏంటి? ఎవరో ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు ఉంటుంది. ‘పిల్లలు వెళ్ళారు’ అని మిగిలితే ఏమీ అనిపించదు. మాట అయిపోయింది, తుడిచేస్తాను.”

నేను కుర్చీలోంచి లేచాను.

“మళ్ళీ చెప్పు.”

“ఏం చెప్పాలి?”

“తుడిస్తే మిగిలింది ఎలా ఉంటుందో చెప్పు.”

ఆమెకు ఏదో తప్పు చేశానని భయం వేసింది. పదకొండేళ్ళుగా నల్లబల్లలు తుడుస్తున్న మనిషి, సగం చెరిగిన వాక్యాలు కొన్ని వేలు చదివి ఉంటుంది. నిలబడే ముక్క ఏదో, ఇంకోదాన్ని ఆనుకునే ముక్క ఏదో ఆమె చేతికి తెలుసు. దానికి పేరుందని మాత్రం తెలియదు. నేను వాక్యం మళ్ళీ రాసి, “ఏ ముక్కకా ముక్క మిగిల్చి మిగతాది తుడిచెయ్యి. నిలబడేవి ఎన్నో లెక్కపెట్టు. తర్వాత ఆనుకునేవి ఉన్నాయేమో చూడు” అన్నాను.

‘పిల్లలు వెళ్ళారు’ నిలబడింది. ‘టీచర్ వెళ్ళలేదు’ నిలబడింది. ‘వాన తగ్గాక’ నిలబడలేదు.

“రెండు నిలబడ్డాయి, ఒకటి ఆనుకుంది” అంది గంటమ్మ. ఆగి, “పెద్దది” అంది.

“ఇప్పుడు వెయ్యి రంగులు” అని డబ్బా ఆమె చేతిలో పెట్టాను. రెండు నీలం గడులు, ‘కానీ’ మీద ఎర్ర సున్న, కింద పసుపు గడి. బాణం దగ్గర కొంచెం తడుముకుని, ‘వాన తగ్గాక’ నుంచి ‘పిల్లలు వెళ్ళారు’ వైపు గీసింది. సరిగ్గా గీసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుద్దపొడి పడిందన్నాను.

ఆ రోజు నుంచి నా క్లాసులో ముందు తెల్లసుద్ద, తర్వాత జవాబు, ఆ తర్వాతే రంగు. అదీ పిల్లలే వెయ్యాలి. డ్రాయింగ్ మాస్టారి చెట్లకు ఆకుపచ్చ ఆకులు వచ్చాయి. ఆయన ఎందుకని అడగలేదు. అడిగితే మళ్ళీ తీసుకుంటానని భయం.

పరీక్షలో డస్టరు ఉండదు కాబట్టి గంటమ్మ అరచెయ్యి వాడటం మొదలుపెట్టింది. వాక్యంలో ఒక భాగాన్ని అరచేత్తో కప్పి మిగతాది పెదాలతో చదువుకునేది. తర్వాత రెండోవైపు కప్పేది. మూడు వారాలు తిరిగేసరికి పదికి ఎనిమిది, తొమ్మిది రావడం మొదలైంది. నేను మురిసిపోయాను. ఆ అలవాటు చూసేవాళ్ళకు ఎలా కనిపిస్తుందో ఆలోచించలేదు.

పరీక్ష వేరే బడిలో. తెలుగు పరీక్ష రోజు తెలుగు టీచర్లను లోపలికి రానివ్వరు. అందుకని నేను గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు బెంచీ మీద కూర్చున్నాను. గంటమ్మ అందరికంటే చివర వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

“స్క్వాడ్ వాళ్ళు పట్టుకున్నారు టీచర్” అంది.

బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాను. అప్పుడు చెప్పింది.

“వ్యాకరణం రాస్తున్నాను. అరచెయ్యి పెట్టి తీస్తున్నాను, పెట్టి తీస్తున్నాను. తనిఖీ ఆయన వెనక నిలబడి ఎంతసేపు చూశాడో! చెయ్యి చూపించు అన్నాడు. చూపించాను. ఏం లేదు. రెండో చెయ్యి అన్నాడు. అదీ ఏం లేదు. ఆడ టీచర్ని పిలిచి కొంగు, జాకెట్టు అన్నీ వెతికించాడు. ఏం దొరకలేదు. అయినా బయటికి తీసుకెళ్ళి కాగితం రాశాడు, సంతకం పెట్టు, పెడితే వదిలేస్తాను అన్నాడు.”

“పెట్టేశావా?” అన్నాను.

“భయమేసింది టీచర్. పెట్టేసి వెళ్ళి రాసుకుందామనే అనుకున్నాను, టైమైపోతోంది కదా. పెన్ను కూడా పట్టుకున్నాను. అలవాటుగా కాగితం మీద అరచెయ్యి పడింది.”

ఆ కాగితంలో ఉన్నది ఆమెకు కంఠతా వచ్చేసింది. ‘గది తనిఖీ చేస్తుండగా నా అరచెయ్యి ప్రశ్నపత్రం మీద ఉంది, నేను చీటీ వాడాను, కానీ చీటీ దొరకలేదు.’ ఒకే ఊపులో చదివితే అంతా ఒక ముద్ద. చివర ‘దొరకలేదు’ అని ఉంది కాబట్టి మనకు అనుకూలమే అనిపిస్తుంది. భయంలో ఉన్న ఎవరైనా సంతకం పెట్టేస్తారు. నేనూ పెట్టేసేదాన్నేమో.

“ఒక్కో ముక్కా కప్పి చూశాను. ‘గది తనిఖీ చేస్తుండగా’ ఆనుకునే ముక్క, దాంతో గొడవ లేదు. ‘నా అరచెయ్యి ప్రశ్నపత్రం మీద ఉంది’ నిలబడింది, నిజమే. ‘చీటీ దొరకలేదు’ నిలబడింది, అదీ నిజమే. మధ్యలో ‘నేను చీటీ వాడాను’. అది కూడా సొంతంగా నిలబడింది టీచర్. పక్కవాటి అవసరమే లేదు దానికి. అదొక్కటీ చాలు నన్ను ముంచడానికి. సార్, ఇందులో మూడు మాటలు నా పేరు మీద నిలబడుతున్నాయి, రెండు నిజం, మధ్యది అబద్ధం, దాన్ని కొట్టేయండి, సంతకం పెడతాను అన్నాను.”

“ఏమన్నాడు?”

“నువ్వేం చేస్తుంటావు అన్నాడు. బల్లలు తుడుస్తాను అన్నాను. మరి అరచెయ్యి ఎందుకు అన్నాడు. ఆయన కాగితం మీదే చూపించాను. ఆయన కూడా ఒక్కో ముక్కా కప్పి చదివాడు టీచర్. తర్వాత మధ్య మాట కొట్టేశాడు. మిగిలింది చదివి, దీంట్లో ఇక నేరమేముంది అని ఆయనే చింపేశాడు. లోపలికి వెళ్ళు అన్నాడు. కానీ నలభై నిమిషాలు పోయాయి. వ్యాసం రాయలేదు. పదహారు మార్కులు.”

అప్పుడు ఏడ్చింది. పదకొండేళ్ళలో ఆమె ఏడవడం నేను చూడలేదు. జిరాక్స్ షాపు అతను ఎందుకైనా మంచిదని ఫ్యాను మా వైపు తిప్పాడు. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. “ఆ నాలుగుసార్లూ నువ్వు తప్పలేదే, నా పద్ధతి తప్పింది. నన్ను క్షమించు” అన్నాను. వింటున్నదో లేదో తెలియలేదు.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. తెలుగులో నలభై ఒకటి. వ్యాసానికి సున్నా. వ్యాకరణంలో ఇరవైకి పద్దెనిమిది. వాళ్ళాయన గ్రీజు చేతులతోనే బడికి వచ్చి హెడ్‌మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. హెడ్‌మాస్టారు ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే ఉంచుకున్నారు. కూతురు మాత్రం, “సరే, ఇంట్లో తెలుగు మాట్లాడుకోవచ్చు” అందట.

ఆమెకు నలభై ఐదు నిండటానికి పదకొండు రోజుల ముందు ఉత్తర్వులు వచ్చాయి. ఆఫీసు గదిలో కిటికీ పక్కన బల్ల, కుర్చీ, బీరువా తాళాలు ఇచ్చారు. కొత్త అటెండరును ఇంకా వెయ్యలేదు.

మొదటిరోజు ఎలా ఉందో చూద్దామని ఖాళీ పీరియడ్‌లో వెళ్ళాను. ఆమె అడ్మిషన్ల రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చుంది. రాస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

“కూర్చోండి” అన్నాను. మొదటిసారి మీరు అన్నాను. ఆమె గమనించింది, మళ్ళీ కూర్చుంది.

ఇంతలో హెడ్‌మాస్టారి గదిలోంచి కాలింగ్ బెల్ మోగింది. మంచినీళ్ళ వేళ. పదకొండేళ్ళ అలవాటు ఆయనకూ ఉంది, ఈమెకూ ఉంది. ఆమె చేతిలో పెన్ను ఆగింది. కుర్చీ అంచు దాకా జరిగింది. కాళ్ళు నేల మీద చెప్పులు వెతుక్కుంటున్నాయి. బెల్ మళ్ళీ మోగింది. ఆమె నా వైపు చూసింది. ఏం చెయ్యాలో నిజంగానే తెలియని చూపు అది.

“మీరు రాసుకోండి” అని, నేను వెళ్ళి గ్లాసు కడిగి నీళ్ళు నింపాను.

హెడ్‌మాస్టారు తల ఎత్తకుండానే చెయ్యి చాచారు. గ్లాసు అందుకుని, గాజుల చప్పుడు వేరుగా ఉందనో ఏమో, తల ఎత్తి చూసి కంగారుపడ్డారు. “అయ్యో, మీరెందుకండీ టీచర్?”

“ఆమెకు పనుందండీ” అన్నాను.